బ్యాలెన్స్ క్యాలిబ్రేషన్ రికార్డు: పరిధులు, వ్యవధి, సంతకాలు – ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ 220 గ్రాముల సామర్థ్యం ఉన్న ఒక అనలిటికల్ బ్యాలెన్స్ గురించి. దాని తెర మీద చివరి అంకె విలువ 0.1 మి.గ్రా. ప్రయోగశాలలో దీనికి రోజూ ఒక తనిఖీ ఫారం నింపేవారు. అందులో ఆరు గడులు ఉండేవి: తేదీ, బ్యాలెన్స్ సంఖ్య, తూనిక, చూపిన విలువ, సరి/తప్పు, సంతకం. ఏడాది పొడవునా 'సరి' అనే రాసి ఉంది. దేనితో పోల్చి సరి అన్నారో ఫారంలో ఎక్కడా లేదు.

పాత ఫారాన్ని పక్కన పెట్టి, ఆమోద పరిధులు, వ్యవధి, సంతకాల బాధ్యతలతో కొత్త విధానపత్రం రాశాం. ముసాయిదాను వాడుకలో పెట్టి, ఎక్కడ విఫలమైతే అక్కడ మార్చుకుంటూ వచ్చాం. ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే నేరుగా మార్పుల దగ్గరి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. కింద 'క్యాలిబ్రేషన్' అంటే బ్యాలెన్స్ చూపేదానికీ తెలిసిన విలువకూ ఎంత తేడా ఉందో కొలిచి రాయడం. 'సర్దుబాటు' అంటే ఆ తేడాను తీసేయడానికి బ్యాలెన్స్‌ను మార్చడం. ఈ రెండింటినీ విడదీయని విధానపత్రం ఎంత పొడవుగా ఉన్నా ఉపయోగం లేదు. దశ 2లో ఎందుకో తెలుస్తుంది.

లెక్క: చేతితో నింపాల్సిన గడులు – 6

## దశ 1: పరిధి ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి ముసాయిదాలో ఆమోద పరిధిని అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథమైన యూఎస్‌పీ 41వ అధ్యాయం నుంచి నేరుగా తెచ్చి పెట్టాం. అక్కడ రెండు నియమాలు ఉన్నాయి. కచ్చితత్వ పరీక్షలో తేడా తూనిక విలువలో 0.10 శాతానికి మించకూడదు. పునరావృత్తి పరీక్షలో, అంటే ఒకే తూనికను కనీసం పదిసార్లు తూచినప్పుడు, ప్రామాణిక విచలనానికి రెట్టింపు విలువ మీరు తూచే అతి తక్కువ నికర బరువులో 0.10 శాతానికి మించకూడదు.

200 గ్రాముల తూనికకు 0.10 శాతం అంటే 200 మి.గ్రా. అంత తప్పు చూపించే అనలిటికల్ బ్యాలెన్స్ ఎప్పుడో పాడైపోయి ఉంటుంది. రోజువారీ తనిఖీలో అదే పరిధి పెడితే ఆ తనిఖీ దేనినీ పట్టుకోదు. పాత ఫారంలో ఏడాది పొడవునా 'సరి' రావడంలో వింతేమీ లేదు. నియమం తప్పు కాదు. అది వాడుకకు కావలసిన కనీస షరతు. బ్యాలెన్స్ ఆరోగ్యం ఎలా ఉందో చెప్పే పని దానిది కాదు. ఆ పనికి వేరే అంకె కావాలి.

అందుకని 200 గ్రాముల తనిఖీకి రెండు పరిధులు పెట్టాం. హెచ్చరిక పరిధిని ఇలా కట్టాం:

1. ఈ తరహా బ్యాలెన్స్‌లో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే పదిలక్షల్లో 2 వంతుల మేర చూపు మారవచ్చని తయారీదారు వివరపత్రంలో ఉంది. 200 గ్రాముల దగ్గర అది 0.4 మి.గ్రా. గదికి అనుమతించిన మార్పు అటూ ఇటూ 2.5 డిగ్రీలు. అంటే 1.0 మి.గ్రా.
2. పునరావృత్తి వల్ల వచ్చే చెదురుకు 0.2 మి.గ్రా.
3. తూనిక ధ్రువపత్రంలోని అనిశ్చితికి 0.3 మి.గ్రా.
4. మొత్తం 1.5 మి.గ్రా. ఇది హెచ్చరిక పరిధి.

వీటిని వర్గాలుగా కలిపి వర్గమూలం తీస్తే ఇంకా చిన్న అంకె వస్తుంది. నేరుగా కూడాం, ఎందుకంటే హెచ్చరిక ఊరికే మోగుతూ ఉంటే జనం దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. ఆమోద పరిధిని హెచ్చరికకు రెట్టింపుగా, 3.0 మి.గ్రా. దగ్గర పెట్టాం. దీనికి మరో ఆధారం కూడా ఉంది. తూనికల అంతర్జాతీయ ప్రమాణమైన ఓఐఎంఎల్ ఆర్ 111 ప్రకారం ఎఫ్1 అనే కచ్చితత్వ తరగతికి చెందిన 200 గ్రాముల తూనికకు అనుమతించిన గరిష్ఠ తేడా 1.0 మి.గ్రా. తూనికలో ఉండగల తప్పు మనం పెట్టుకున్న పరిధిలో మూడో వంతుకు మించకూడదన్న షరతు దీనితో సరిగ్గా నెరవేరుతుంది. పరిధిని ఇంకా బిగించాలనుకుంటే ముందు ఇంకా కచ్చితమైన ఈ2 తరగతి తూనిక తెచ్చుకోవాలి.

ఇక పునరావృత్తి. ఇక్కడే మొదటి ముసాయిదా నిజంగా విఫలమైంది. 10 గ్రాముల తూనికతో పదిసార్లు తూచి, ప్రతిసారీ సున్నా చేసి రాసిన విలువలు ఇవి. 10.0000 గ్రాముల పైన ఎన్ని 0.1 మి.గ్రా.లు ఉన్నాయో మాత్రమే చూపుతున్నాను, s అంటే ప్రామాణిక విచలనం:

```
1  0  1  2  1  0  1  2  1  1
s = 0.067 mg
కనీస నికర బరువు = 2000 × s = 133 mg
```

ఈ బ్యాలెన్స్ మీద తూచే పద్ధతుల్లో ఒకదానికి నమూనా బరువు 100 మి.గ్రా. ఆ బరువుకు s విలువ 0.050 మి.గ్రా. దాటకూడదు. పాత ఫారంలో పునరావృత్తికి చోటే లేదు కాబట్టి ఇది ఎప్పుడూ బయటపడలేదు. ఒక్క 200 గ్రాముల తూనికను ఎన్నేళ్లు పెట్టి చూసినా ఈ లోపం కనిపించదు. చిన్న బరువుల దగ్గర తప్పంతా చెదురు వల్లే వస్తుంది.

కారణం వెతికాం. పళ్లెం ఖాళీగా పెట్టి, తలుపులు మూసి చూస్తూ కూర్చుంటే సున్నా నిలకడగా ఉండటం లేదు. ఏసీ గాలి వదిలినప్పుడు చివరి అంకె ఊగుతోంది, ఆగినప్పుడు కుదుటపడుతోంది. గాలి నోరు సరిగ్గా ఆ బల్ల వైపే తిరిగి ఉంది. గాలిని గోడవైపు మళ్లించే అడ్డుపలక పెట్టించి, మళ్లీ పదిసార్లు తూచాం:

```
1  1  0  1  1  1  0  1  1  1
s = 0.042 mg
కనీస నికర బరువు = 84 mg
```

అంకెల ప్రకారం 100 మి.గ్రా. నమూనాకు ఇప్పుడు సరిపోతుంది. అయినా దాన్ని ఒప్పుకోలేదు. పది చదువుల నుంచి లెక్కగట్టిన ప్రామాణిక విచలనంలోనే దాదాపు నాలుగో వంతు ఊగిసలాట ఉంటుంది. నిజమైన s 0.042 అయిన బ్యాలెన్స్ కూడా, ఏమీ పాడవకుండానే, ఐదారు పరీక్షల్లో ఒకసారి 0.050 దాటగలదు. ప్రతిసారీ నియమం తప్పిందంటూ విచలన నివేదిక రాయాల్సి వస్తుంది. పైగా ఈ రకం బ్యాలెన్స్ నుంచి ఇంతకన్నా మెరుగు ఆశించలేం. తెర మీద విలువను గుండ్రం చేయడం వల్ల సున్నా దగ్గర ఒకసారి, బరువు దగ్గర ఒకసారి వచ్చే చెదురు కలిస్తే చివరి అంకె విలువకు 0.41 రెట్లు అవుతుంది. లెక్కలో s ఇంతకన్నా తక్కువ వచ్చినా 0.41 రెట్లే తీసుకోవాలని యూఎస్‌పీ చెబుతుంది. అంటే ఈ బ్యాలెన్స్‌కు 82 మి.గ్రా. కిందికి దారి లేదు.

నిర్ణయం ఇది: 100 మి.గ్రా. నమూనాలను 0.01 మి.గ్రా. చూపే బ్యాలెన్స్‌కు మార్చాం. ఈ బ్యాలెన్స్‌కు కనీస నికర బరువు 200 మి.గ్రా. అని నిర్ణయించి దాని మీద చీటీ అంటించాం. అప్పుడు s కు ఆమోద పరిధి 0.10 మి.గ్రా. అవుతుంది. హెచ్చరిక 0.07 దగ్గర పెట్టాం. నికర బరువు అంటే పాత్ర బరువు తీసేసిన తర్వాతి బరువు అని చీటీ మీదే రాశాం. 50 గ్రాముల ఫ్లాస్కులో 80 మి.గ్రా. పదార్థం వేసి 'మొత్తం 50 గ్రాములు ఉంది కదా' అనుకునేవారు ప్రతిచోటా ఉంటారు.

మూలల పరీక్ష గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 100 గ్రాముల తూనికను మధ్యలో, ఆపైన నాలుగు వైపులా పెట్టి, మధ్య విలువతో తేడా 1.0 మి.గ్రా. దాటకూడదని రాశాం. ఇది పునరావృత్తి పత్రంలోనే ఒక వరుస.

రోజువారీ ఫారంలో మార్పు: బ్యాలెన్స్ సంఖ్య, పరిధులు ముందే ముద్రించాం. 'తేడా' అనే గడి వచ్చింది. 'సరి/తప్పు' స్థానంలో 'సరి/హెచ్చరిక/విఫలం' వచ్చింది.

లెక్క: చేతితో నింపాల్సిన గడులు – 6 (ఒకటి పోయింది, ఒకటి వచ్చింది)

## దశ 2: సర్దుబాటుకు ముందు విలువ

కొత్త ఫారాన్ని రెండు షిఫ్టుల్లో వాడించి చూశాం. తేడాలు మరీ అందంగా వచ్చాయి: 0.0, 0.1, 0.0, 0.0. ఉష్ణోగ్రత వల్లే ఇంతకన్నా ఎక్కువ రావాలి. ప్రింటర్ కాగితాలు తెచ్చి సమయాలు పోల్చితే విషయం తేలింది. ప్రతి ఉదయం తనిఖీకి ముందు బ్యాలెన్స్ లోపలి తూనికతో సర్దుబాటు జరుగుతోంది, ఆ తర్వాతే 200 గ్రాములు పెడుతున్నారు. అడిగితే, "ముందు బటన్ నొక్కితేనే కదండీ సరిగ్గా చూపించేది" అన్నారు.

వారు చెప్పింది నిజమే. అక్కడే చిక్కు ఉంది. నిన్న రోజంతా తూచిన బరువులు ఏ స్థితిలో ఉన్న బ్యాలెన్స్ మీద తూచారో చెప్పేది సర్దుబాటుకు ముందు విలువ ఒక్కటే. బటన్ నొక్కగానే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. నిన్న మధ్యాహ్నం 5 మి.గ్రా. తప్పు చూపిన బ్యాలెన్స్ కూడా ఇవాళ ఉదయం సర్దుబాటు తర్వాత 0.1 మి.గ్రా. దగ్గర నిలబడుతుంది. రికార్డు మచ్చలేకుండా ఉంటుంది, నిన్నటి ఫలితాలు మాత్రం తప్పు.

క్రమాన్ని ఇలా రాశాం, ఫారం తల మీదే ముద్రించాం:

1. మట్టపు బుడగ మధ్యలో ఉందో చూడండి. పళ్లెం శుభ్రంగా ఉందో చూడండి.
2. తలుపులు మూసి సున్నా చేయండి.
3. 200 గ్రాముల తూనికను పళ్లెం మధ్యలో పెట్టి, స్థిరత్వ గుర్తు వచ్చాక విలువ రాయండి.
4. తేడా లెక్కించండి. పరిధిని గుర్తించండి.
5. అప్పుడు మాత్రమే, అవసరమైతే, సర్దుబాటు చేయండి. చేస్తే మళ్లీ తూచి రెండో విలువ రాయండి.
6. 'విఫలం' వస్తే సర్దుబాటు బటన్ ముట్టుకోవద్దు. దశ 5లోని నియమం పాటించండి.

స్వయంచాలక సర్దుబాటు సంగతి మిగిలింది. చాలా బ్యాలెన్స్‌ల మాదిరిగానే ఇదీ గది ఉష్ణోగ్రత మారినా, కొంత సమయం గడిచినా తనంతట తానే సర్దుకుంటుంది. దాన్ని ఆపేస్తే రికార్డు స్వచ్ఛంగా ఉంటుంది కానీ తూకాలు పాడవుతాయి. రికార్డు కోసం తూకాన్ని చెడగొట్టడం తలకిందుల పని. కాబట్టి ఆపలేదు. ప్రతి సర్దుబాటుకూ ఎంత తేడా తీసేసిందో చెప్పే నివేదికను ముద్రించేలా అమరిక మార్చాం. ఆ చీటీలు రోజువారీ ఫారం వెనక అంటిస్తాం. ఏ చీటీలోనైనా 1.5 మి.గ్రా. దాటితే అది ఆ రోజు హెచ్చరికగా లెక్క.

ఆ చీటీలు వేడితో అచ్చయ్యే కాగితం మీద వస్తాయి. కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. ఫొటోకాపీ తీసి, కాపీ మీద 'అసలుతో సరిచూశాను' అని సంతకం చేసి రెండూ కలిపి భద్రపరచాలని ఒక వాక్యం చేర్చాం.

సమయం, సర్దుబాటు వివరం, సర్దుబాటు తర్వాత విలువ అనే మూడు గడులు పెరిగాయి.

లెక్క: చేతితో నింపాల్సిన గడులు – 9

## దశ 3: తూనికలు

ఈ దశలో విషయం చిన్నది, కానీ తేడాలు అర్థం కాకుండా పోయేది ఇక్కడే. తూనిక మీద '200 గ్రా.' అని ఉంటుంది. మా తూనిక ధ్రువపత్రంలో విలువ 200.0004 గ్రా. పాత అలవాటు ప్రకారం తేడాను 200.0000 నుంచి తీస్తున్నారు.

ఒక ఉదయం బ్యాలెన్స్ 200.0017 చూపింది. మీద రాసిన విలువతో తేడా 1.7, అంటే హెచ్చరిక. ధ్రువపత్రం విలువతో 1.3, అంటే సరి. ఏది పోల్చాలో విధానపత్రం చెప్పకపోతే ఒకే చదువుకు ఇద్దరు రెండు ఫలితాలు రాస్తారు. ఇంకో చిక్కు, తూనికను క్యాలిబ్రేషన్‌కు పంపినప్పుడు బదులుగా వాడే రెండో తూనికది. దాని ధ్రువపత్రం విలువ 199.9995. మీద రాసిన విలువతో పోల్చితే తూనిక మార్చిన రోజు బ్యాలెన్స్ 0.9 మి.గ్రా. దూకినట్టు కనిపిస్తుంది. బ్యాలెన్స్‌కు ఏమీ కాలేదు, తూనిక మారింది, అంతే.

మార్పు: తేడా ఎప్పుడూ ధ్రువపత్రం విలువ నుంచే. తూనిక గుర్తింపు సంఖ్య, ధ్రువపత్రం విలువ, ధ్రువపత్రం గడువు తేదీ, ఈ మూడూ ఫారం తల మీద ముద్రించి ఇస్తాం. తూనిక మారితే ఫారం కూడా మారాలి. చేత్తో దిద్దడానికి వీల్లేదు.

తర్వాత మరో సమస్య. మధ్యాహ్నం తనిఖీల్లో విలువ స్థిరపడటానికి ఎక్కువసేపు పడుతోందనీ, చూస్తుండగానే మెల్లగా పెరుగుతోందనీ చెప్పారు. తూనికల పెట్టె పక్క గదిలో ఉంటోంది, అక్కడ ఏసీ లేదు. గాలి కన్నా వెచ్చగా ఉన్న తూనిక తన చుట్టూ గాలిని పైకి లేపుతుంది. ఆ ప్రవాహం వల్ల అది అసలు కన్నా తేలికగా కనిపిస్తుంది. చల్లబడే కొద్దీ విలువ పెరుగుతుంది. చల్లని తూనికైతే దీనికి తిరగబడి మెల్లగా తగ్గుతుంది. చూపు ఒకే దిక్కున జరుగుతుంటే ముందుగా అనుమానించాల్సింది తూనిక ఉష్ణోగ్రతనే. గాలి తగులుతుంటే చూపు రెండు వైపులా ఊగుతుంది.

ముందు 'తూనికను గదిలోకి తెచ్చిన సమయం' అనే గడి పెట్టాం. జనం తనిఖీ సమయం నుంచి వెనక్కి లెక్కగట్టి ఏదో ఒకటి నింపుతున్నారని రెండు రోజులకే అర్థమైంది. ఆ గడి తీసేసి పెట్టెను శాశ్వతంగా బ్యాలెన్స్ పక్కనే పెట్టాం. సమస్యే లేకుండా చేయగలిగిన చోట గడి పెట్టకూడదు.

చేతితో ముట్టుకోవద్దు, మొనకు మెత్తని తొడుగు ఉన్న పట్టకారు వాడాలి అన్న వాక్యాలు యథాతథంగా ఉన్నాయి. తూనిక కింద పడితే మళ్లీ క్యాలిబ్రేట్ అయ్యేదాకా వాడకూడదని చేర్చాం.

లెక్క: చేతితో నింపాల్సిన గడులు – 8 (తూనిక గడి ముద్రణలోకి వెళ్లింది)

## దశ 4: ఎంత తరచుగా?

మొదటి ముసాయిదాలో పునరావృత్తి, మూలల పరీక్షలకు ఆరు నెలల వ్యవధి రాశాం. దాన్ని మార్చేలా చేసిన ప్రశ్న ఒకటే: పరీక్ష విఫలమైతే ఎంత వెనక్కి వెళ్లాలి? సమాధానం, చివరిసారి నెగ్గిన తేదీ దాకా. ఆ మధ్య ఈ బ్యాలెన్స్ మీద తూచిన ప్రతి బరువునూ మళ్లీ పరిశీలించాలి. ఆరు నెలల వ్యవధి పెట్టుకుంటే ఆరు నెలల ఫలితాలను అనుమానించడానికి ముందే ఒప్పుకున్నట్టు. వ్యవధిని ఈ దృష్టితో చూశాక చర్చ తేలికైంది. ఎన్ని రోజుల తూకాలను మళ్లీ పరిశీలించే శక్తి మనకు ఉందో అంతే వ్యవధి.

కుదిరిన పట్టిక ఇది:

1. రోజూ, మొదటి తూకానికి ముందు: 200 గ్రాములతో తనిఖీ. సడలింపు లేదు. చేయని రోజు బ్యాలెన్స్ వాడరాదు.
2. నెలకోసారి: పునరావృత్తి, మూలల పరీక్ష. గడువుకు అటూ ఇటూ మూడు రోజులు అనుమతి.
3. ఏడాదికోసారి: క్యాలిబ్రేషన్ ప్రయోగశాలల ప్రమాణమైన ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ఉన్న సంస్థతో పూర్తి క్యాలిబ్రేషన్. వారు కూడా సర్దుబాటుకు ముందు, తర్వాత విలువలు రెండూ ఇవ్వాలని పని ఆదేశంలోనే రాయాలి.
4. జరిగినప్పుడల్లా: చోటు మార్చినా, మరమ్మతు చేసినా, కరెంటు పోయి వచ్చినా, పళ్లెం మీద ఏదైనా పడినా.

తర్వాతి గడువును ఎప్పుడూ పట్టికలోని తేదీ నుంచి లెక్కించాలి, పరీక్ష చేసిన తేదీ నుంచి కాదు. లేకపోతే ప్రతి నెలా మూడు రోజులు ఆలస్యం చేస్తూ పోతే ఏడాదిలో ఒక పరీక్ష ఎగిరిపోతుంది, ఏ ఒక్క నెలా నియమం తప్పినట్టు కనిపించదు.

కరెంటు పోయి వస్తే వెంటనే తనిఖీ చేసి ప్రయోజనం లేదు. తయారీదారు చెప్పినంతసేపు వేడెక్కనివ్వాలి. ఆ సమయాన్ని ఫారం మీద ముద్రించాం.

పట్టికలోని నాలుగో వరుస ఎంత అవసరమో అనుకోకుండా తెలిసింది. ముసాయిదా పరీక్షలో ఉండగానే ప్రయోగశాలను కింది అంతస్తు నుంచి మూడో అంతస్తుకు మార్చారు. ఎత్తులో తేడా సుమారు 10 మీటర్లు. కింద చివరి తనిఖీలో తేడా +0.2 మి.గ్రా. పైన వేడెక్కాక, సర్దుబాటుకు ముందు –0.4. మధ్యలో 0.6 మి.గ్రా. తగ్గింది.

దీనికి లెక్క ఉంది. భూమి కేంద్రం నుంచి దూరం పెరిగే కొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతుంది. 10 మీటర్లకు ఆ తగ్గుదల పదిలక్షల్లో సుమారు 3 వంతులు. 200 గ్రాములకు అది 0.6 మి.గ్రా. ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్ కొలిచేది బలాన్నే కాబట్టి, కింద సర్దిన బ్యాలెన్స్ పైన అంత తక్కువ చూపుతుంది. లోపలి తూనికతో సర్దుబాటు చేశాక తేడా +0.1 కు వచ్చింది. బ్యాలెన్స్‌లో ఏ లోపమూ లేదు.

అయితే ఆ రోజు ఫారంలో 'చోటు మార్చాం' అని రాసే గడి లేదు. ఆ అంకెను కొన్ని నెలల తర్వాత చూసేవారికి అది కారణం తెలియని జారుడుగానే కనిపిస్తుంది. అందుకే 'తనిఖీ కారణం' అనే గడి పెట్టాం: రోజువారీ, తరలింపు, మరమ్మతు, కరెంటు, ఇతరం. ఒకదానికి సున్నా చుట్టాలి.

లెక్క: చేతితో నింపాల్సిన గడులు – 9

## దశ 5: విఫలమైనప్పుడు, సంతకాలు

విఫలమైతే ఏం చేయాలన్నది రాయడానికే అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. 'మళ్లీ పరీక్షించండి' అని రాస్తే నెగ్గేదాకా పరీక్షిస్తారు. అసలు వద్దంటే తలుపు తెరిచి ఉన్న చిన్న కారణానికి కూడా బ్యాలెన్స్ మూలన పడుతుంది. చివరికి నిలిచింది ఇది:

1. మొదటి విలువ ఎలా ఉంటే అలా రాయండి.
2. ఐదు విషయాలు చూడండి: మట్టం, పళ్లెం శుభ్రత, తలుపులు, సరైన తూనికేనా, తూనిక పక్కనే ఉన్న పెట్టెలోదేనా.
3. ఒక్కసారి మాత్రమే మళ్లీ తూచండి. ఆ విలువనూ రాయండి.
4. రెండోది నెగ్గినా, మొదటిది ఎందుకు తప్పిందో రాసి విచలన నివేదిక సంఖ్య తీసుకోండి. కారణం దొరకకపోతే విఫలం కిందే లెక్క.
5. రెండోదీ విఫలమైతే 'వాడరాదు' చీటీ అంటించి, సర్దుబాటు చేయకుండా బాధ్యుడికి చెప్పండి.
6. చివరిసారి నెగ్గిన తనిఖీ నుంచి తూచినవాటి జాబితాను బ్యాలెన్స్ వాడుక పుస్తకం నుంచి తీయండి.

హెచ్చరికకు తేలికైన నియమం: సర్దుబాటు చేసి వాడుకోవచ్చు. వరుసగా రెండు రోజులు ఒకే వైపు హెచ్చరిక వస్తే కారణం వెతకాలి.

సంతకాల విషయానికి వస్తే, ఒక్క గడి స్థానంలో మొదట మూడు పెట్టి చూశాం: చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. వాడుకలో ఏమైందంటే నెలాఖరున ఫారాల కట్ట ఒకేసారి పైకి వెళ్లింది, అన్నిటి మీదా ఒకే రోజు సంతకాలు పడ్డాయి. ఆ కట్టలో వరుసగా రెండు హెచ్చరికలు ఉన్న చోటు ఒకటి ఉంది. సంతకం చేసినవారికి అది కనిపించలేదు. కనిపించినా అప్పటికే ఆలస్యం.

సరిచూసినవారి తప్పు వెతకడం వల్ల ఉపయోగం లేదు. తన సంతకం దేనికి సాక్ష్యమో ఫారం ఆయనకు చెప్పలేదు. కాబట్టి ప్రతి గడి కింద ఆ సంతకానికి అర్థం ముద్రించాం.

*చేసినవారు:* 'పై క్రమంలో నేనే చేశాను, చూసిన విలువను చూసిన వెంటనే రాశాను.'

*సరిచూసినవారు:* 'తేడాను నేను మళ్లీ లెక్కించాను. తనిఖీ సమయం ఆ రోజు మొదటి తూకానికి ముందే ఉందని వాడుక పుస్తకంలో చూశాను. తూనిక ధ్రువపత్రం గడువు దాటలేదు. ముందు రోజు ఫలితంతో కలిపి చూశాను.'

సరిచూసే పని తర్వాతి పనిదినం ముగిసేలోగా జరగాలి. తనిఖీ చేసినవారే సరిచూడకూడదు. రోజువారీ ఫారంలో మూడో సంతకం తీసేశాం. ఆ గడిలో సంతకం చేసేవారు అదనంగా చూసేది ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఆమోద సంతకాన్ని నెలవారీ పత్రానికి, విచలన నివేదికకు పరిమితం చేశాం. అక్కడ నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

దిద్దుబాట్ల నియమం: పాత అంకె కనిపించేలా ఒక్క గీత, పక్కన కొత్త అంకె, పొడి సంతకం, తేదీ, కారణం. చివరి సున్నాను వదలకూడదు. 200.0010 ను 200.001 అని రాస్తే బ్యాలెన్స్ నాలుగు స్థానాలు చూపిందో మూడే చూపిందో తెలియదు.

లెక్క: చేతితో నింపాల్సిన గడులు – 11

## దశ 6: ఇప్పుడు వాడుకలో ఉన్న ఫారం

ఫారం తల మీద ముద్రించి ఉన్నవి: బ్యాలెన్స్ సంఖ్య, కనీస నికర బరువు 200 మి.గ్రా., తూనిక సంఖ్య, ధ్రువపత్రం విలువ, దాని గడువు, హెచ్చరిక 1.5 మి.గ్రా., ఆమోదం 3.0 మి.గ్రా., వేడెక్కే సమయం, ఆరు అంశాల తనిఖీ క్రమం, విధానపత్రం సంఖ్య, అది ఎన్నో సవరణ.

చేతితో నింపేవి:

1. తేదీ
2. సమయం
3. తనిఖీ కారణం
4. సర్దుబాటుకు ముందు విలువ
5. తేడా, గుర్తుతో సహా
6. సరి / హెచ్చరిక / విఫలం
7. సర్దుబాటు వివరం: లేదు / చేశాం / తానే చేసుకుంది
8. సర్దుబాటు తర్వాత విలువ
9. చేసినవారి సంతకం
10. సరిచూసినవారి సంతకం, తేదీ, సమయం
11. విచలన సంఖ్య, లేకపోతే 'లేదు'

ఐదో గడిలో 'గుర్తుతో సహా' అన్నది తర్వాత చేర్చిన మాట. +1.2 తర్వాత –1.2 రావడం వేరు, రెండుసార్లు +1.2 రావడం వేరు. గుర్తు లేకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి. పదకొండో గడిని ఖాళీగా వదలనివ్వకపోవడానికి కూడా ఇలాంటి కారణమే ఉంది: ఖాళీ గడి చూస్తే విచలనం లేదో, రాయడం మరిచారో తెలియదు.

నింపిన నమూనా వరుస ఒకటి, అంతస్తు మారిన రోజుది, కొత్త ఫారంలోకి తిరగరాసి శిక్షణకు వాడుతున్నాం. ధ్రువపత్రం విలువ 200.0004:

```
కారణం: తరలింపు
ముందు: 200.0000 g    తేడా: -0.4 mg    సరి
సర్దుబాటు: చేశాం
తర్వాత: 200.0005 g   తేడా: +0.1 mg
విచలన సంఖ్య: లేదు
```

ఇక మిగిలిన పని. 0.01 మి.గ్రా. చూపే బ్యాలెన్స్‌కు ఇదే ఫారం వాడవచ్చు కానీ పరిధులు వాడలేం. అక్కడ 100 మి.గ్రా. నమూనాకు s పరిధి 0.05 మి.గ్రా.గానే ఉంటుంది. అది చివరి అంకెకు ఐదు రెట్లు కాబట్టి ఊపిరి పీల్చుకునే జాగా ఉంది. 200 గ్రాముల తనిఖీని 3.0 మి.గ్రా. కన్నా బిగించాలంటే ఈ2 తూనిక కావాలి. ఆ తరగతిలో 200 గ్రాములకు అనుమతించిన తేడా 0.3 మి.గ్రా. తూనిక వచ్చేదాకా ఆ బ్యాలెన్స్ కూడా 3.0 ఆమోద పరిధితోనే నడుస్తుంది. నెలవారీ పునరావృత్తి వ్యవధిని పెంచాలా అన్నది పన్నెండు నెలల s విలువలు ఒక గ్రాఫు మీద పెట్టాక తేలుస్తాం. అన్నీ 0.07 లోపే ఉంటే మూడు నెలలకు మారుస్తాం. ఒక్కటి దాటినా నెలవారీగానే ఉంచుతాం.